ఉత్తరాల హిందీ, 6వ పాఠం: పక్కింటివాళ్లకు క్షమాపణ చీటీ

పోయిన పాఠంలో ఇంటి ఓనరుకు మరమ్మతుల గురించి రాశాం. ఈసారి నోయిడాలో అద్దెకుంటున్న ఒక తెలుగు కుటుంబం సంగతి. శనివారం పాప నామకరణం, రాత్రి 11 దాకా పాటలు. మర్నాడు పొద్దున్నే పైన, కింద, పక్కన ఉన్న ఇళ్లకు ఒక చీటీ ఇవ్వాలి. హిందీ వాక్యాలను మన లిపిలోనే చూద్దాం.

మనవాళ్లు మొదట రాసేది సాధారణంగా ఇలా ఉంటుంది: "రాత్ గ్యారహ్ బజే తక్ గానే బజతే రహే. అగర్ ఆప్‌కో పరేశానీ హుయీ హో తో మాఫ్ కీజియే." వ్యాకరణం సరిగ్గానే ఉంది. కానీ పాటలు వాటంతట అవే మోగినట్టుంది, పైగా "ఇబ్బంది కలిగి ఉంటే" అంటున్నాం. రాత్రంతా నిద్రలేని మనిషికి ఈ "ఉంటే" ఒళ్లు మండిస్తుంది. తెలుగులో మర్యాదగా వాడే మాటే అయినా ఇక్కడ అది పనికిరాదు. "అగర్" తీసేసి "జో" పెట్టండి, పాటలు పెట్టింది మేమేనని చెప్పండి:

"ఆదరణీయ పడోసియో, నమస్తే. శనివార్ కో హమారే ఘర్ బేటీ కా నామకరణ్ థా. హమ్‌నే రాత్ గ్యారహ్ బజే తక్ గానే బజాయే. ఇస్‌సే ఆప్ సబ్‌కో జో పరేశానీ హుయీ, ఉస్‌కే లియే హమ్ క్షమా చాహతే హైఁ. ఆగే సే రాత్ దస్ బజే సే పహలే సంగీత్ బంద్ కర్ దేంగే. ఆప్‌కే పడోసీ, ఫ్లాట్ 302."

"హమ్‌నే" దగ్గర కాస్త ఆగండి. తెలుగులో "మేము పెట్టాం" అన్నప్పుడు క్రియ మనతో పోతుంది. హిందీలో గతం చెబుతూ "నే" చేర్చాక క్రియ పాటలతో పోతుంది. "గానే" పుంలింగ బహువచనం కాబట్టి "బజాయే". "నే" వదిలేసి "హమ్ గానే బజాయే" అని రాయడం మనవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు. "పరేశానీ" స్త్రీలింగం కనుక "హుయీ". పిలుపులో "పడోసియో" అనే రాయాలి, చివర సున్నా చేర్చి "పడోసియోం" అనకూడదు. హిందీవాళ్లు కూడా తరచూ తప్పు రాసేది ఇక్కడే.

చివరి మాటలో "ఫిర్ కభీ శోర్ నహీఁ హోగా" అని రాయకండి. చంటిపాప ఉన్న ఇంట్లో అది జరిగే పని కాదు. పది గంటలన్నది నిలబెట్టుకోగల మాట. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లోనూ లౌడ్‌స్పీకర్లకు రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకానే అడ్డు ఉంది.

అభ్యాసం: పాటల బదులు పొద్దున ఆరింటికే సన్నాయి వాయించారనుకోండి. "శహనాయీ" స్త్రీలింగం. "హమ్‌నే"తోనూ "ఆగే సే"తోనూ మొదలయ్యే వాక్యాలు మార్చి రాయండి. జవాబు వచ్చే పాఠంలో.