సగం అమ్మాక ఊపిరి ఆడింది

అమీర్‌పేటలో గదికి చేరాక రోజూ రాత్రి అదే బాధ. లాభంలో ఉన్న షేరుకు ఒక శాతం దూరంలో ట్రెయిలింగ్ స్టాప్, అంటే ధర పెరిగేకొద్దీ దాని వెనకే పైకి జరిగే అమ్మకపు హద్దు, పెట్టేవాణ్ణి. అది మామూలు ఊగిసలాటకే తెగిపోయేది, ధర మాత్రం పైకి పోయేది.

ఆ షేరు రోజుకు సగటున 12 రూపాయలు ఊగుతుందని ఆలస్యంగా లెక్కేశాను. ఈసారి 500 దగ్గర 200 షేర్లు కొని, స్టాప్ 480 వద్ద పెట్టాను. 540కి వంద అమ్మితే 4,000 లాభం, అంటే మొదట 480 స్టాప్ తగిలితే పోయేదిగా పణంగా పెట్టిన మొత్తం. మిగతా వందకు స్టాప్‌ను అత్యధిక ముగింపు ధరకు 36, అంటే రోజు ఊగిసలాటకు మూడింతలు, కింద ఉంచి, రోజూ సాయంత్రం పైకే జరిపాను, కిందికి ఎన్నడూ దించలేదు. ముగింపు 610 చేరాక స్టాప్ 574. ఒక ఉదయం ధర ఏకంగా 566 వద్ద తెరుచుకుంది, అక్కడే అమ్ముడైంది. ఆ ఎనిమిది రూపాయలను ఏ స్టాపూ కాపాడదు.