మళ్ళీ ఎప్పుడు చదవాలి? మీ మరపును మీరే కొలిచి రివిజన్ ఎడం తేల్చుకోవడం ఎలా

కొత్తగా నేర్చుకున్నది ఎప్పుడెప్పుడు తిరగేయాలని అడిగితే "రేపోసారి, వారానికోసారి, నెలకోసారి" అని చెప్పేస్తుంటారు. కానీ ఆ ఎడం అందరికీ ఒకటి కాదు, ఒకే మనిషికి అన్ని విషయాల్లోనూ ఒకటి కాదు. మీకు ఎంత ఎడం సరిపోతుందో ఒక చిన్న పరీక్షతో మీరే లెక్కగట్టుకోవచ్చు. కొన్ని చీటీలు, ln బటన్ ఉన్న కాలిక్యులేటర్ చాలు.

లెక్క వెనక ఉన్న ఊహ ఇది: మరపు రోజుకు ఇన్ని పదాల చొప్పున జరగదు, మిగిలిన దాంట్లో ఇంత వంతు చొప్పున జరుగుతుంది. రేడియోధార్మిక పదార్థం తరిగిపోయే పద్ధతే. అందుకే మొదట్లో జారుడు ఎక్కువ, తర్వాత్తర్వాత తక్కువ.

```
R = e^(-t/S)
S = t / ln(1/R)
ఎడం = S × ln(1/r)
```

ఇక్కడ t అంటే చదివి ఎన్ని రోజులైంది, R అంటే అప్పటికి ఎంత వంతు గుర్తుంది. S ని నిలకడ అందాం. అదీ రోజుల్లోనే ఉంటుంది, ఎంత పెద్దదైతే అంత నెమ్మదిగా మరచిపోతారు. చిన్న r మీరు పెట్టుకునే హద్దు, అంటే గుర్తు అంతకంటే కిందికి దిగకూడదు.

ముందు కొలవండి

జర్మన్ పదాలు 40 నేర్చుకున్నారనుకుందాం. ఒక్కో చీటీకి ఒకవైపు పదం, వెనకవైపు అర్థం. అన్నీ తప్పులేకుండా వచ్చాక పక్కన పెట్టేయండి. రెండు రోజులు ముట్టుకోవద్దు. తర్వాత ఒక్కో పదం చూసి, చీటీ తిప్పకముందే అర్థం పైకి చెప్పండి. తిప్పి చూశాక "ఆ, ఇది నాకు తెలిసిందే" అనిపిస్తే అది తప్పు కిందే లెక్క. చూసి గుర్తుపట్టడం వేరు, చూడకుండా చెప్పగలగడం వేరు. చాలామంది కొలత చెడేది సరిగ్గా ఇక్కడే.

40లో 30 వచ్చాయనుకోండి. R = 0.75. S = 2 ÷ ln(1/0.75), అంటే దాదాపు 7 రోజులు.

ఈ 7ని రాయిమీద గీత అనుకోవద్దు. అదే రోజు మూడు పదాలు అదృష్టం కొద్దీ ఎక్కువ వచ్చి ఉంటే S పదికి చేరేది, మూడు తగ్గి ఉంటే ఐదుకు పడేది. నలభై చీటీలతో తేలే కొలత అంత మొరటుగానే ఉంటుంది. కాబట్టి దశాంశాల కోసం తంటాలు పడకండి.

హద్దు పెట్టుకోండి

హద్దు 80 శాతం అంటే పదాలు ఎప్పుడూ 80 శాతమే గుర్తుంటాయని కాదు. చదివిన రోజు 100, తిరగేసే రోజుకు 80. మధ్యలో సగటు దాదాపు 90. ఈ సంగతి తెలియక చాలామంది హద్దును 95 దగ్గర పెట్టి, రోజూ అవే చీటీలు తిప్పుతూ అలసిపోతారు. లెక్క చూడండి: హద్దు 80 అయితే ఎడం S లో 0.22 వంతు, 90 అయితే 0.105 వంతు, 95 అయితే 0.05 వంతు. హద్దు 90 నుంచి 95కు జరిపితే ఎడం సగానికి పడిపోతుంది. రోజువారీ నేర్చుకోవడానికి 80 చాలని నా అభిప్రాయం. మరచిపోతే ప్రమాదం కలిగే విషయాలకు మాత్రం 90 పెట్టుకోండి.

మన ఉదాహరణలో 7 × 0.223 = 1.56. అంటే మొదటి రివిజన్ ఒకటిన్నర రోజుకు.

రివిజన్ తర్వాత నిలకడ ఎంత పెరిగిందో చూడండి

గుర్తు తెచ్చుకున్న ప్రతిసారీ R మళ్ళీ 100కు ఎగబాకుతుంది. అంతకంటే ముఖ్యంగా S కూడా పెరుగుతుంది. ఎంత పెరిగిందో తెలియాలంటే ఇంకోసారి కొలవాలి. రెండో రోజు పరీక్ష అయ్యాక అన్ని చీటీలూ తిరగేసి, నాలుగు రోజులు ఆగి మళ్ళీ పరీక్షించుకున్నారు, 32 వచ్చాయి. R = 0.8, S దాదాపు 18. ఏడు పద్దెనిమిది అయిందంటే రెండున్నర రెట్లు.

ఆ పెరుగుదల ఇలాగే సాగుతుందనుకుంటే నిలకడ 7, 17.5, 44, 109 అవుతుంది. ఎడాలు 1.5, 4, 10, 24 రోజులు. మరీ తొందరపడి, అంతా తాజాగా ఉండగానే తిరగేస్తే S అంతగా పెరగదు. కాస్త కష్టపడి గుర్తు తెచ్చుకున్నప్పుడే బాగా పెరుగుతుంది. హద్దును మరీ పైన పెట్టొద్దనడానికి ఇది ఇంకో కారణం.

సగటు దాచిపెట్టేది

అసలు చిక్కు ఇక్కడుంది. నలభై పదాలకూ ఒకే S ఉండదు. "ఫెన్‌స్టర్" అంటే కిటికీ, ఒక్కసారి వింటే అంటుకుంటుంది. "గెష్విన్‌డిఖ్‌కైట్" అంటే వేగం, అది పది నిమిషాల్లో జారిపోతుంది. సగం పదాల S 30 రోజులు, మిగతా సగానిది మూడున్నర రోజులు అనుకోండి. రెండు రోజులకు తేలిక పదాలు 19, కష్టమైనవి 11 గుర్తుంటాయి. మొత్తం సరిగ్గా 30. పైకి ఒకే S = 7 ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ ఒకటిన్నర రోజుకు తిరగేస్తే సగటున 80 శాతం దక్కినా, తేలికవి 95 దగ్గర ఉంటాయి, కష్టమైనవి అప్పటికే 65కు దిగిపోయి ఉంటాయి. హద్దు నిలబడ్డట్టు అంకె చెబుతుంది, నిజానికి సగం పదాలకు అది ఎప్పుడో దాటిపోయింది.

దీన్ని పట్టుకోవడానికి ఒక గుర్తుంది. తిరగేయకుండా పది రోజులు వదిలేస్తే S = 7 లెక్క ప్రకారం పది పదాల లోపే మిగలాలి. కలగలుపు కట్టలో పదిహేనుకు పైగా మిగులుతాయి. ఎక్కువ రోజులకు మీ గుర్తు లెక్క కంటే బాగుందంటే, కట్టలో రెండు రకాలు కలిసి ఉన్నాయని అనుమానించండి. 1885లో జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబింగ్‌హౌస్ అర్థంలేని అక్షరాల మీద కొలిచిన వక్రరేఖ కూడా మొదట్లో దభాలున పడి, తర్వాత ఒక్క ఘాతాంక రేఖ చెప్పేదానికంటే చాలా నెమ్మదిగా దిగింది. మళ్ళీ నేర్చుకునేటప్పుడు ఎంత శ్రమ ఆదా అవుతుందో ఆయన కొలిచారు. ఒక రోజుకు 34 శాతం, 31 రోజుల తర్వాత కూడా 21 శాతం ఆదా అయింది.

మందు తేలిక. పరీక్ష రోజే చీటీలను రెండు కట్టలు చేయండి: వెంటనే వచ్చినవి ఒకటి, రానివీ తడుముకున్నవీ ఇంకొకటి. ఒక్కో కట్టకు విడిగా S కట్టండి. తప్పిన చీటీ కష్టాల కట్టలోకి వెళ్ళి, మొదటి ఎడం నుంచి మళ్ళీ మొదలవుతుంది. పెరిగిన నిలకడను దానికి అంటగట్టకండి.

గడువు రోజున సరిచూసుకోండి

తిరగేసే రోజున ఎన్ని వచ్చాయో చీటీ కట్ట మీదే రాసిపెట్టుకోండి. ఒకే ఎడం ఉన్న చీటీలు 60 దాకా పోగయ్యాక హద్దుతో పోల్చండి. ఎడం 10 రోజులు, హద్దు 80 శాతం, కానీ 60కి 54 వచ్చాయంటే R = 0.9. అప్పుడు కొత్త ఎడం:

```
10 × ln(0.8) / ln(0.9) = 21
```

అంటే ఆ కట్టను 21 రోజుల దాకా వదిలేయవచ్చు. 60కి 42 మాత్రమే వస్తే R = 0.7, అదే లెక్కలో ఎడం 6 రోజులకు తగ్గుతుంది. అనుకున్న రోజు తప్పిపోయి 15వ రోజున తిరగేశారనుకోండి, లెక్కలో పదికి బదులు 15 వేయండి. కాగితం మీద రాసుకున్న గడువును కాదు, నిజంగా గడిచిన రోజులనే లెక్కలోకి తీసుకోవాలి.