లెక్క నుంచి లేఖ దాకా – 6వ పాఠం: నష్టాల విభాగాన్ని ఆపమని సీఈఓ గారికి రాయడం

గత రెండు పాఠాల్లో ఒక మసాలా కంపెనీ ఖర్చులను విభాగాల వారీగా విడదీశాం. వరంగల్‌లో ఎనుమాముల మార్కెట్‌కు దగ్గరలో ఉన్నట్టు మనం కల్పించుకున్న ఈ కంపెనీ కారం, పసుపు, సీసా పచ్చళ్లు అనే మూడు రకాల సరుకు తయారు చేసి హనుమకొండ, నర్సంపేట, పరకాల, జనగామ దుకాణాలకు పంపుతుంది. పచ్చళ్ల విభాగం నష్టంలో ఉందని మన పట్టిక తేల్చింది. ఆ పట్టికను చేతిలో పెట్టుకొని, ఫైనాన్స్ అనలిస్టుగా సీఈఓ గారికి లేఖ ఎలా రాయాలో ఈ పాఠంలో నేర్చుకుందాం.

లేఖ మొదలుపెట్టే ముందు అందులో ఏ అంకె ఉండాలో తేల్చుకోవాలి. మన దగ్గర మూడు అంకెలు ఉన్నాయి, మూడూ లెక్క ప్రకారం సరైనవే, కానీ సీఈఓ గారి నిర్ణయానికి పనికొచ్చేది ఒక్కటే.

మొదటిది పుస్తకాల్లో ఉన్న నష్టం. జీఎస్టీ తీసివేయగా పచ్చళ్ల అమ్మకాలు ఏడాదికి 180 లక్షలు. మామిడికాయ, నూనె, కారం, ఉప్పు, సీసాలు, మూతలు, రోజు కూలీలు, రవాణా, డీలర్ కమీషన్ కలిపి అమ్మకంతో పాటు పెరిగే ఖర్చులు 168 లక్షలు. మిగిలిన కాంట్రిబ్యూషన్ 12 లక్షలు. కంపెనీ మొత్తం అమ్మకాలు 1,500 లక్షలు, అమ్మకంతో పాటు పెరగని ఖర్చులు, అంటే ఓవర్‌హెడ్, 150 లక్షలు కాబట్టి, అకౌంట్స్ వాళ్లు అమ్మకాల మీద 10 శాతం చొప్పున 18 లక్షలు పచ్చళ్లకు వేశారు. నష్టం 6 లక్షలని తేలింది.

రెండవది, ఏ పని ఎవరి కోసం జరిగిందో చూసి ఓవర్‌హెడ్ పంచినప్పుడు వచ్చిన అంకె. పచ్చళ్లకు చిన్న చిన్న ఆర్డర్లు ఎక్కువ, డ్రమ్ములు కడిగే పని ఎక్కువ, సీసా సీసాకూ మూత బిగింపు చూడాలి, పగిలిన సరుకు తిరిగి వస్తే దాని లెక్క వేరే రాయాలి. ఈ పద్ధతిలో పచ్చళ్ల వాటా 38 లక్షలకు పెరిగి, నష్టం 26 లక్షలైంది. అమ్మకాల్లో ఎనిమిదో వంతు కూడా లేని విభాగం ఓవర్‌హెడ్‌లో నాలుగో వంతు తీసుకుంటోందని తెలియడం నిజంగా విలువైన సమాచారమే.

అయితే, "ఈ విభాగాన్ని మూసివేస్తే ఏడాదికి 26 లక్షలు మిగులుతాయి" అని రాసిన అనలిస్టు కంపెనీని తప్పుదారి పట్టించినట్టే. ఆ 38 లక్షల్లో ఫ్యాక్టరీ మేనేజర్ జీతం, అకౌంట్స్ ఆఫీసు, కాపలా, భవనం తరుగుదల కలిసి 19 లక్షలున్నాయి. పచ్చళ్లు ఆగిన మరునాడు కూడా ఈ ఖర్చులు అలాగే ఉండి, కారం, పసుపు విభాగాల మీదికి వెళ్తాయి. అప్పుడు పసుపు కూడా నష్టంలో ఉన్నట్టు కనిపించవచ్చు, మరుసటి ఏడు దాన్నీ ఆపమని ఎవరైనా రాయవచ్చు. ఒక్కొక్క విభాగాన్నీ ఇలాగే ఆపుకుంటూ పోయిన కంపెనీలో చివరికి ఓవర్‌హెడ్ తప్ప ఏమీ మిగలదు.

కాబట్టి మనకు కావలసింది మూడవ అంకె. విభాగం ఆగితే నిజంగా ఆగిపోయే స్థిర ఖర్చులు ఏవి? పచ్చళ్ల డ్రమ్ముల కోసం అద్దెకు తీసుకున్న గోదాము 6 లక్షలు, సూపర్‌వైజర్, ఇద్దరు పర్మనెంటు కార్మికుల జీతాలు 9 లక్షలు, ల్యాబ్ పరీక్షలు, సీలింగ్ యంత్రం మరమ్మతు ఒప్పందం 4 లక్షలు, మొత్తం 19 లక్షలు, అంటే ఆ 38లో మిగతా సగం. ఈ 19 మిగులుతుంది, 12 లక్షల కాంట్రిబ్యూషన్ పోతుంది. కంపెనీకి వచ్చే మేలు ఏడాదికి 7 లక్షలు. లేఖ మొత్తం ఈ 7 మీదనే నిలబడాలి.

నిలబెట్టే ముందు ఆ 19లోని ప్రతి ఖర్చునూ కాగితంతో సరిచూసుకోవాలి. గోదాము ఒప్పందం ఎప్పుడు ముగుస్తుంది, ముందే ఖాళీ చేస్తే ఎన్ని నెలల అద్దె కట్టాలి అన్నది ఒప్పంద పత్రంలోనే చూడాలి. అన్నిటికన్నా ఎక్కువగా పొరపాటు జరిగేది జీతాల దగ్గర. 9 లక్షల్లో సూపర్‌వైజర్‌వి 4, ఇద్దరు కార్మికులవి 5. ఆ ఇద్దరినీ కారం మిల్లులోకి మార్చుకుంటామని మేనేజర్ చెప్పారనుకోండి. అక్కడ ఖాళీలు లేకపోతే వాళ్ల జీతం ఆగలేదు, చోటు మాత్రమే మారింది. అప్పుడు మిగిలేది 14 లక్షలే, మేలు 2 లక్షలకు పడిపోతుంది. అదే మిల్లులో ఇద్దరు ఈ ఏడాది రిటైరవుతూ, వాళ్ల స్థానంలో ఎలాగూ కొత్తవాళ్లను తీసుకోవలసి ఉంటే, ఆ 5 లక్షలు నిజమైన ఆదా. మన ఉదాహరణలో రెండోదే జరిగిందని అనుకుందాం. ఎవరినైనా తొలగించవలసి వస్తే, చట్టం ప్రకారం నోటీసుతో పాటు నిరంతరంగా పనిచేసిన ప్రతి సంవత్సరానికి 15 రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వాలి. ఆ మొత్తాన్ని ఏటా వచ్చే మేలులో కలపకుండా, ఒక్కసారి అయ్యే ఖర్చుగా విడిగా చూపాలి.

ఇప్పుడు లేఖ. మొదటి పేరా చదివేసరికే ఏం చేయమంటున్నామో, ఎందుకో, ఎప్పటిలోగా నిర్ణయం కావాలో సీఈఓ గారికి తెలిసిపోవాలి. చాలామంది కాస్టింగ్ పద్ధతిని వివరిస్తూ మొదలుపెట్టి, సిఫార్సును రెండో పేజీ చివర పెడతారు. ఆ క్రమాన్ని తిరగేయండి:

"గౌరవనీయులైన సీఈఓ గారికి,
విషయం: సీసా పచ్చళ్ల విభాగాన్ని ఈ వేసవి నుంచి నిలిపివేయడం గురించి.
ఈ వేసవిలో కొత్త పచ్చడి పెట్టకుండా, ఉన్న నిల్వను అమ్ముకొని, పచ్చళ్ల విభాగాన్ని నిలిపివేయవలసిందిగా సిఫార్సు చేస్తున్నాను. దీనివల్ల కంపెనీ లాభం ఏడాదికి సుమారు 7 లక్షల రూపాయలు మెరుగుపడుతుంది. ఖాళీ సీసాల ఆర్డరు మార్చి మొదటి వారంలో ఇవ్వవలసి ఉన్నందున, ఫిబ్రవరి 20లోగా మీ నిర్ణయం తెలియజేయగలరని కోరుతున్నాను."

తేదీ ఊరికే పెట్టింది కాదు. మామిడికాయ తొక్కు ఏడాదికి ఒకసారి, ఏప్రిల్, మే నెలల్లో కాయ దొరికినప్పుడే పెడతారు. ఇదే లేఖ జూన్‌లో చేరితే కాయకు, నూనెకు, కారానికి డబ్బు అప్పటికే పెట్టేసి ఉంటారు, డ్రమ్ముల్లో ఉన్న తొక్కును సీసాల్లో నింపి అమ్మడమే మేలవుతుంది. ఫిబ్రవరిలో ఆపమని చెప్పిన లెక్కే జూన్‌లో కొనసాగించమంటుంది, ఎందుకంటే ఖర్చయిపోయిన డబ్బు ఏ నిర్ణయంతోనూ వెనక్కి రాదు.

రెండవ పేరాలో 7 ఎలా వచ్చిందో చెప్పాలి. ఇక్కడ పుస్తకాల్లోని 6, కొత్త పద్ధతిలోని 26 గురించి కూడా ఒక్కొక్క వాక్యం తప్పక రాయాలి, లేకపోతే సమావేశంలో ఎవరో ఒకరు ఆ అంకెలు ఎత్తి మన అంకెను అనుమానిస్తారు:

"పుస్తకాల్లో ఈ విభాగం నష్టం 6 లక్షలుగా, పనుల వారీగా పంచిన లెక్కలో 26 లక్షలుగా ఉంది. ఈ రెండింటిలోనూ విభాగం ఆగినా ఆగని ఉమ్మడి ఖర్చులు కలిసి ఉన్నందున వాటిని నిర్ణయానికి ఆధారంగా తీసుకోలేదు. ఆగిపోయే స్థిర ఖర్చులు 19 లక్షలు, వదులుకునే కాంట్రిబ్యూషన్ 12 లక్షలు. ఖర్చుల విడి వివరాలు, ఒప్పంద పత్రాల నకళ్లు జతచేశాను."

సీఈఓ గారు అడగబోయే మొదటి ప్రశ్న, "ధర పెంచితే సరిపోదా?" అన్నది. అడగవలసిన ప్రశ్నే. అమ్మకాలు తగ్గకుండా ధర 4 శాతం పెంచగలిగితే 7.2 లక్షలు వస్తాయి, మూసివేసే అవసరమే ఉండదు. దీనికి జవాబు అభిప్రాయంగా కాక, జరిగినదానిగా ఉండాలి. మన ఉదాహరణలో, గత ఏడు ధర పెంచిన రెండు నెలల్లోనే డీలర్లు అదనపు కమీషన్ అడిగి ఆ పెంపును తీసేసుకున్నారు. కమీషన్ ఖాతా పక్కన ధరల పట్టిక పెడితే ఇది తేటతెల్లంగా కనిపిస్తుంది. అటువంటి ఆధారం మీ దగ్గర లేకపోతే మూసివేతను సిఫార్సు చేయకండి, ముందు ధర పెంచి చూడమని రాయండి.

మూడవ పేరా ఈ సిఫార్సును దెబ్బతీయగల విషయం గురించి. పచ్చళ్లు కొనే దుకాణాలు మన కారం కూడా కొంటున్నాయి, ఏడాదికి 210 లక్షల కారం. ఒకే బండిలో రెండూ దొరికేవి కనుక మన దగ్గర కొన్నవాళ్లు, పచ్చళ్లు లేకపోతే కారాన్ని కూడా వేరేచోట తీసుకోవచ్చు. కారంలో రూపాయికి 20 పైసలు కాంట్రిబ్యూషన్ కాబట్టి, 35 లక్షల కారం అమ్మకం పోతే 7 లక్షల మేలు మొత్తం హరించుకుపోతుంది. 35 అంటే 210లో ఆరో వంతు. ఈ మాటను దాచకుండా, ఇలా రాయాలి:

"పచ్చళ్లు తీసుకునే దుకాణాల్లో కారం అమ్మకాలు ఆరో వంతు తగ్గితే ఈ సిఫార్సు వల్ల లాభం ఉండదు. అందువల్ల మీ నిర్ణయానికి ముందే, ఎక్కువ కారం కొనే దుకాణదారులను సేల్స్ సిబ్బంది స్వయంగా కలిసి అభిప్రాయం తీసుకోవాలని కోరుతున్నాను. వేసవి దాటిన తర్వాత నిర్ణయం మార్చుకున్నా వచ్చే ఏడు కాయ వచ్చేదాకా పచ్చడి పెట్టలేము."

నాకు ఈ లేఖలో అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించే పేరా ఇదే. ఏ పరిస్థితిలో తన మాట తప్పవుతుందో ముందే అంకెతో చెప్పిన అనలిస్టు, సీఈఓ గారి చేతికి నిర్ణయంతో పాటు దాన్ని పరీక్షించే కొలత కూడా ఇస్తారు.

నాలుగవ పేరా మనుషుల గురించి. ఇద్దరు కార్మికులు కారం మిల్లుకు మారుతున్నారు, సూపర్‌వైజర్ ఒప్పందం మార్చి 31తో ముగుస్తుంది. కానీ కాయలు కోసి, సీసాలు నింపే రోజు కూలీ మహిళలకు ఏడాదికి అందే 18 లక్షల కూలీ ఆగిపోతుంది. 168 లక్షల ఖర్చులో అది ఒక వరుస మాత్రమే కావచ్చు, అయినా లేఖలో దానిని ఒక వాక్యంగా విడిగా రాయండి. పసుపు ప్యాకింగ్‌లో వాళ్లలో ఎంతమందికి పని ఇవ్వగలరో మేనేజర్‌ను అడిగి ఆ సంఖ్య కూడా చేర్చండి. ఈ నిర్ణయం తీసుకునేవారికి అది తెలిసి ఉండాలి.

లేఖ ఒక పేజీ దాటకూడదు. పట్టికలన్నీ జతపత్రాల్లోకి వెళ్తాయి.

ఈ పాఠానికి అభ్యాసం: పచ్చళ్ల ఖర్చులో సొంత మిల్లు నుంచి తీసుకున్న కారం విలువను బయట అమ్మే ధరకు 12 లక్షలుగా రాశారని తెలిసింది. ఆ కారం మీద మిల్లుకు అయిన చర వ్యయం, అంటే తయారీతో పాటు పెరిగే ఖర్చు, 9.6 లక్షలు. మిల్లుకు ఖాళీ సమయం ఉండి, ఆ కారాన్ని బయట అమ్మే అవకాశం లేకపోతే 7 లక్షల మేలు ఎంతకు మారుతుంది? మిల్లు నిండుగా నడుస్తూ, తయారైన కారమంతా బయట అమ్ముడుపోతుంటే ఎంత? ఒక్కొక్క సందర్భంలో మూడవ పేరాలోని 35 లక్షల హద్దు ఎక్కడికి జరుగుతుందో లెక్కించి, ఆ పేరాను మళ్లీ రాయండి. జవాబులతో 7వ పాఠం మొదలవుతుంది.