బాక్సు ఎత్తు తగ్గించాక మోకాలి నొప్పి మళ్లీ రాలేదు

మహబూబ్‌నగర్ దగ్గర మా ఊళ్లో పిల్లలకు లాంగ్‌జంప్ నేర్పుతాను. పోయినేడు 14 ఏళ్ల పాప మోకాలి చిప్ప కింద నొప్పి అంది. జంప్‌లు ఆపేసి డాక్టర్‌కు చూపించాం. నొప్పి పూర్తిగా తగ్గాకే మళ్లీ మొదలుపెట్టమన్నారు.

మొదలుపెట్టేముందు పాత వీడియో చూశాను. 60 సెంటీమీటర్ల బాక్సు మీంచి దిగగానే మోకాళ్లు రెండూ లోపలికి ఒరుగుతున్నాయి, ధబ్‌మని చప్పుడు. తప్పు నాదే. దిగడం నేర్పకుండా ఎత్తు పెంచాను.

ఈసారి 20 సెంటీమీటర్ల బాక్సు పెట్టాను. పైకి ఎగరకూడదు, ఒక అడుగు ముందుకేసి కిందికి దిగాలి. పాదం ముందుభాగం తాకాక మడమ ఆనాలి. తుంటి వెనక్కి వెళ్లాలి, మోకాళ్లు కాలివేళ్ల వైపే వంగాలి. అలాగే 3 సెకన్లు కదలకుండా నిలబడాలి. చప్పుడు గట్టిగా వినిపిస్తే దిగడం సరిగా రానట్టే.

పాదాలు నేలను తాకిన ప్రతిసారీ ఒకటి లెక్క. సోమ, గురువారాల్లో నలభై చొప్పున, వారానికి 80 దాటనివ్వలేదు. ఇసుక గుంతలో వేసే జంప్‌లూ అందులోనే. చాలామంది వాటిని లెక్కలో మరిచిపోతారు. ముప్పై దగ్గరే మోకాలు ఒరిగితే ఆ రోజుకు అక్కడికే ఆపేవాళ్లం.

ఆరు వారాలకు మోకాళ్లు లోపలికి ఒరగడం ఆగింది, నొప్పి మళ్లీ రాలేదు. అప్పుడే బాక్సు 30కి పెంచాను.