లాగిన్ ఆమోదం ఫోన్‌కు రావడం లేదా? కారణం ఇలా కనిపెట్టండి

సమస్య: కంప్యూటర్‌లో పాస్‌వర్డ్ ఇచ్చిన వెంటనే, ఆండ్రాయిడ్ ఫోన్‌లో లాగిన్‌ను ధ్రువీకరించే ఆథెంటికేటర్ యాప్ ద్వారా ఆమోదించమని తెర మీద కనిపిస్తుంది. ఫోన్ మాత్రం మోగదు, నోటిఫికేషన్ రాదు, కొద్దిసేపటికి గడువు తీరిపోయి లాగిన్ విఫలమవుతుంది.

ఏ సెట్టింగూ మార్చకముందే ఒక పరీక్ష చేయాలి. కంప్యూటర్ ఎదురుచూస్తున్న ఆ కాస్త సమయంలోనే ఆథెంటికేటర్ యాప్‌ను చేత్తో తెరిచి చూడండి. ఆమోదం కోరే అభ్యర్థన యాప్ లోపల కనిపిస్తే మీ ఖాతా, ఫోన్ నమోదు, ఇంటర్నెట్ మూడూ బాగానే ఉన్నట్టు. నోటిఫికేషన్ వచ్చే దారి ఒక్కటే మూసుకుపోయింది. యాప్ తెరిచినా ఏమీ కనిపించకపోతే ఆ అభ్యర్థన పాత ఫోన్‌కు వెళుతూ ఉండవచ్చు, లేదా నమోదు చెడిపోయి ఉండవచ్చు. అప్పుడు కింద చెప్పిన మార్పుల వల్ల ప్రయోజనం ఉండదు. ఖాతాను ఆ యాప్‌లో మళ్లీ నమోదు చేసుకోవాలి.

దారి మూసుకుపోయిందని తేలాక, అది ఎప్పుడెప్పుడు మూసుకుంటోందో గమనించాలి. ఫోన్ చేతిలో వెలుగుతూ ఉన్నా నోటిఫికేషన్ ఎప్పుడూ రాకపోతే అనుమతిని అనుమానించండి. ఫోన్ వాడుతున్నప్పుడు వచ్చి, కాసేపు పక్కన పెట్టాక రాకపోతే బ్యాటరీ సెట్టింగులను అనుమానించండి.

ఆమదాలవలసలో ఇంటి నుంచే ఆఫీసు పని చేసే ఒక ఉద్యోగిని ఇబ్బంది రెండో రకానిది. "పొద్దున్న వస్తుందండీ, భోజనం చేసి కూర్చున్నాక రాదు" అని ఆమె చెప్పిన మాటలోనే సగం జవాబు ఉంది, ఎందుకంటే మధ్యాహ్నం ఫోన్ పక్క గదిలో కదలకుండా పడి ఉంటుంది. గాలివానకు కరెంటు పోయిన రోజుల్లో చార్జింగ్ నిలవాలని ఆమె చాలా యాప్‌లకు బ్యాటరీ వాడకం తగ్గించారు, వాటిలో ఆథెంటికేటర్ కూడా ఉంది. Settings లో Apps తెరిచి, ఆ యాప్‌ను ఎంచుకుని, Battery లోకి వెళితే Restricted అని ఉంది. దాన్ని Unrestricted చేశాం. ఆ ఫోన్ తయారీదారు విడిగా పెట్టిన Autostart అనే మీట కూడా ఆపి ఉండడంతో ఈ యాప్‌కు దాన్ని ఆన్ చేశాం. కొన్ని ఫోన్లలో ఈ పని Sleeping apps జాబితా చేస్తుంది. అందులో యాప్ పేరు ఉంటే తీసేయాలి.

మార్చిన వెంటనే లాగిన్ అయి చూసి సరిపోయిందనుకోకూడదు. అప్పటికి ఫోన్ మేలుకునే ఉంటుంది కాబట్టి నోటిఫికేషన్ ఎలాగూ వస్తుంది. చార్జర్ తీసి, తెర ఆర్పి, అరగంట కదపకుండా ఉంచి అప్పుడు ప్రయత్నించాలి. ఆమె ఫోన్‌లో ఆ పరీక్షకు ఆమోదం వెంటనే వచ్చింది.

ఇందులో తెలుసుకోదగ్గ విషయం ఒకటుంది. 2015లో ఆండ్రాయిడ్ 6తో వచ్చిన Doze, అంటే కదలని ఫోన్‌ను నిద్రపుచ్చే ఏర్పాటు, సాధారణంగా ఈ నోటిఫికేషన్లను ఆపదు. అత్యవసరమని గుర్తు పెట్టి పంపిన సందేశం నిద్రలో ఉన్న ఫోన్‌ను కూడా లేపగలదు. అయితే Force stop అయిన యాప్‌కు, మనం మళ్లీ తెరిచేదాకా, ఆ సందేశం కూడా చేరదు. బ్యాటరీ మిగల్చడానికి యాప్‌లను పూర్తిగా ఆపేసే తయారీదారు సెట్టింగులూ, "క్లీనర్" యాప్‌లూ ఇలాంటి స్థితినే తెచ్చిపెడతాయి. అందుకే ఫోన్ మొత్తానికి బ్యాటరీ సేవర్‌ను తీసేయడం కంటే, ఈ ఒక్క యాప్‌కు మినహాయింపు ఇవ్వడమే సరైన పద్ధతి అని నా అభిప్రాయం.

అనుమతి సంగతి తేలిక. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి ప్రతి కొత్త యాప్ నోటిఫికేషన్‌కు విడిగా అనుమతి అడగాలి. తొందరలో రెండుసార్లు Don't allow నొక్కితే ఆ ప్రశ్న మళ్లీ రాదు కనుక యాప్ వివరాల్లోని Notifications లోకి వెళ్లి మనమే ఆన్ చేయాలి. అక్కడే కింద విడివిడి వర్గాలు ఉంటాయి. పై మీట ఆన్‌లో ఉండి ఆమోదాల వర్గం ఒక్కటే ఆగిపోయి ఉండడం అరుదు కాదు.

నెలల తరబడి తెరవని ఆథెంటికేటర్‌కు మరో ప్రమాదం ఉంది. వాడని యాప్‌గా లెక్కగట్టి ఆండ్రాయిడ్ దాని అనుమతులు వెనక్కి తీసుకుంటుంది, 12వ వెర్షన్ నుంచి దాన్ని నిద్రాణస్థితిలోకి కూడా పంపుతుంది. యాప్ వివరాల్లో Pause app activity if unused అనే మీటను ఆపేస్తే ఇది జరగదు. కొత్త ఫోన్లలో దీని పేరు Manage app if unused.

కరెంటు లేక చార్జింగ్ చివరికి వచ్చిన సాయంత్రం ఇవేవీ చేసే వీలు లేకపోతే, సంస్థ అనుమతించిన చోట, యాప్‌లో కనిపించే ఆరు అంకెల కోడ్‌ను వాడవచ్చు. ఫోన్ సమయం సరిగ్గా ఉంటే చాలు, దానికి నోటిఫికేషన్ గానీ ఇంటర్నెట్ గానీ అక్కరలేదు. అడ్డు తొలగించాక ఆగిపోయిన పాత అభ్యర్థనలు ఒక్కసారిగా వచ్చి పడవచ్చు. వాటిలో దేనినీ ఆమోదించకండి. మీరు ఆ క్షణంలో లాగిన్ అవుతున్నదానికి తప్ప మిగతా అన్నిటికీ తిరస్కారమే నొక్కండి.