తుఫాన్ల సీజన్‌కు ముందే మీ సైటు డీఎన్‌ఎస్ సరిచూసుకోండి

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఇలాంటి రోజుల్లో కరెంటు పోతుంది, తర్వాత ఇన్వర్టరు అయిపోతుంది, చివరికి ఫైబరు తెగుతుంది. చిన్న సైటును ఆఫీసులోని సర్వరు మీద నడిపేవాళ్లు సెప్టెంబరులోనే చూసుకోవాల్సిన పని ఒకటుంది.

ఉదాహరణకు కావలిలో ఒక రొయ్యల మేత దుకాణం ఉందనుకుందాం. 50 కౌంటు, 100 కౌంటు రొయ్యల రేట్లు రోజూ పొద్దున్నే సైటులో పెడతారు, చెరువు గట్టు మీద నుంచే రైతులు ఫోనులో చూసుకుంటారు. ఒక సర్వరు దుకాణం వెనక గదిలో స్టాటిక్ ఐపీతో ఉంది, రెండోది ముంబైలో అద్దెకు తీసుకున్న వీపీఎస్. డీఎన్‌ఎస్‌లో ఒకే పేరుకు రెండు A రికార్డులు పెట్టారు:

```
rates.example.in.  300  IN  A  203.0.113.10
rates.example.in.  300  IN  A  198.51.100.20
```

దీన్నే రౌండ్ రాబిన్ అంటారు. అడిగిన ప్రతిసారీ డీఎన్‌ఎస్ రెండు ఐపీలూ ఇస్తుంది, వరుస మాత్రం మారుస్తుంది. ఈ ఏర్పాటు ఉన్నవాళ్లను కదిలిస్తే "రెండు ఐపీలు పెట్టేశాం గదన్నా, ఒకటి పోతే రెండోది ఉందిగా, ఇంక టెన్షన్ ఏముంది?" అంటారు. పరీక్ష కూడా చేసి చూశామంటారు. ఆ పరీక్ష దగ్గరే అసలు తిరకాసు ఉంది.

చాలామంది చేసే పరీక్ష దుకాణం సర్వరులో `systemctl stop nginx` కొట్టి, ఫోనులో సైటు తెరవడం. సైటు వెంటనే వచ్చేస్తుంది. ఎందుకంటే మిషన్ బతికే ఉంది. 443 పోర్టులో ఎవరూ లేరని అది క్షణంలో తిరుగు జవాబు పంపేస్తుంది, బ్రౌజరు వెంటనే రెండో ఐపీకి పోతుంది. కరెంటు పోయినప్పుడు ఆ జవాబు చెప్పడానికి కూడా ఎవరూ ఉండరు. ఫోను పంపిన ప్యాకెట్టుకు ఉలుకూ పలుకూ ఉండదు. ఫోను మళ్లీ పంపుతుంది, ఎదురుచూస్తుంది, ఇంకోసారి పంపుతుంది. లినక్స్ డీఫాల్టు ప్రకారం వదిలేస్తే ఒక్క ఐపీ మీద ఆశ వదులుకోవడానికి 2 నిమిషాలు దాటుతుంది. కొన్ని బ్రౌజర్లు అంతకన్నా తెలివిగా ఉంటాయి. కానీ మీరు రాయించుకున్న యాప్ 10 సెకన్లకే చేతులెత్తేసేలా ఉంటే, అది రెండో ఐపీని ముట్టుకోకుండానే 'మళ్లీ ప్రయత్నించండి' అని చూపిస్తుంది. మొదట చచ్చిన ఐపీ ఎవరికి వస్తే వాళ్లకు ఇదే గతి, సుమారు సగం మందికి అనుకోండి. పైగా కరెంటు వచ్చేదాకా ఇదే వరస.

కాబట్టి పరీక్ష ఇలా చేయండి. తెల్లవారుజామున, రద్దీ లేనప్పుడు, దుకాణం సర్వరులో:

```
sudo iptables -I INPUT -p tcp -m multiport --dports 80,443 -j DROP
```

దీంతో వెబ్ ప్యాకెట్లు జవాబు లేకుండా మాయమవుతాయి, మీ ఎస్ఎస్‌హెచ్ మాత్రం తెగదు. ఇప్పుడు రెండు మూడు రకాల ఫోన్లలో, వేర్వేరు నెట్‌వర్కుల మీద సైటు తెరిచి ఎంతసేపు తిరుగుతుందో చూడండి. అయ్యాక అదే కమాండులో `-I` బదులు `-D` పెట్టి నియమం తీసేయండి.

రౌండ్ రాబిన్‌కు ఇంకో గుడ్డితనం ఉంది. సర్వరు బాగానే ఉండి డేటాబేస్ పడిపోతే 500, 502 లాంటి లోపం పేజీ వస్తుంది. బ్రౌజరు దృష్టిలో అది కూడా జవాబే, రెండో ఐపీకి పోదు.

రెండో పద్ధతి హెల్త్ చెక్‌తో ఫెయిలోవర్. డీఎన్‌ఎస్ ఇచ్చేవాళ్లే బయట నుంచి మీ సర్వరును తడుతూ ఉంటారు, పలకకపోతే జవాబులో ఐపీ మార్చేస్తారు. అమెజాన్ వాళ్ల రూట్ 53లో మామూలు లెక్క 30 సెకన్లకోసారి, వరుసగా 3 సార్లు తప్పితే పోయినట్టు. అంటే కనిపెట్టడానికే సుమారు 90 సెకన్లు. టీటీఎల్ 60 పెడితే పాత జవాబు కాషేలో ఇంకో 60 సెకన్లు ఉంటుంది. మొత్తం రెండున్నర నిమిషాలు. ఆ కాసేపు అందరికీ ఇబ్బందే, ఆ తర్వాత దాదాపు ఎవరికీ ఉండదు. టీటీఎల్‌ను పట్టించుకోని రిసాల్వర్లు కొన్ని ఉంటాయి, అలాంటి చోట ఇంకాస్త పడుతుంది. రాత్రి 2 గంటలకు పోయిన కరెంటు మర్నాడు సాయంత్రం దాకా రాని ఊళ్లలో ఏది మేలో వేరే చెప్పాలా?

అయితే హెల్త్ చెక్‌ను హోం పేజీ మీద పెట్టకండి. కాషేలో ఉన్న హోం పేజీ డేటాబేస్ పోయినా నవ్వుతూనే కనిపిస్తుంది. రేట్ల పట్టిక నుంచి ఒక వరుస చదివి, వస్తేనే 200 ఇచ్చే చిన్న పేజీ రాయించండి. ఎస్ఎంఎస్ పంపే కంపెనీ లాంటి బయటివాళ్లను అందులో కలపొద్దు, వాళ్లు తుమ్మితే మీ సైటు ఊరు మారుతుంది. ఫైర్‌వాల్ హెల్త్ చెక్ ఐపీలను ఆపడం లేదని కూడా చూసుకోండి.

అందరూ మరిచిపోయేది సర్టిఫికెట్. ఫెయిలోవర్‌లో మామూలు రోజుల్లో డీఎన్‌ఎస్ దుకాణం సర్వరునే చూపిస్తుంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్లు హెచ్‌టీటీపీ పద్ధతిలో తనిఖీకి వచ్చినా అక్కడికే వెళ్తారు. ముంబై సర్వరు రెన్యువల్ ప్రతిసారీ ఫెయిలవుతుంది, ఎవరికీ తెలియదు. 90 రోజుల గడువు దాటాక, సరిగ్గా తుఫాను రాత్రి, రైతుల ఫోన్లలో 'సురక్షితం కాదు' అని ఎర్ర హెచ్చరిక వస్తుంది. అక్కడ డీఎన్‌ఎస్ పద్ధతిలో రెన్యువల్ పెట్టండి. ఈ కమాండు నేరుగా ముంబై ఐపీనే అడుగుతుంది, సర్టిఫికెట్ చెడితే లోపం చూపిస్తుంది:

```
curl -I --resolve rates.example.in:443:198.51.100.20 https://rates.example.in/
```

డబ్బు పెట్టి హెల్త్ చెక్ కొనలేని వాళ్లకు ఒక దారి ఉంది, నాకైతే అదేమీ తక్కువ దారి అనిపించదు. తుఫాను చెప్పే వస్తుంది. వాతావరణ శాఖ హెచ్చరిక ఇచ్చిన రోజు పగలే, కరెంటు ఉండగానే, దుకాణం ఐపీ ఉన్న A రికార్డును తీసేసి ముంబైది ఒక్కటే ఉంచండి. టీటీఎల్ 86400 ఉంటే మాత్రం కనీసం ఒక రోజు ముందే దాన్ని 300కు తగ్గించి ఉండాలి, లేకపోతే పాత జవాబు మర్నాటి దాకా తిరుగుతూనే ఉంటుంది. డీఎన్‌ఎస్ ఖాతా పాస్‌వర్డు, ఓటీపీ వచ్చే ఫోను దుకాణం గదిలో కాకుండా మీ దగ్గరే ఉండాలి. చెప్పకుండా పోయే కరెంటుకు మాత్రం ఈ దారి పనికిరాదు.

చివరిది, కరెంటు వచ్చాక జరిగేది. దుకాణం సర్వరు లేవగానే హెల్త్ చెక్ పాసై సైటు దానంతటదే వెనక్కి వస్తుంది, రెండు రోజుల నాటి రేట్లతో. ఈలోపు ముంబైలో పడిన మేత బుకింగులు దుకాణం సర్వరులో ఉండవు, కొత్తవి మాత్రం అందులోనే పడతాయి, రెండు ఖాతాలూ ఎప్పటికీ కలవవు. అందుకే సర్వరు బూటు అయినప్పుడు హెల్త్ పేజీ 503 ఇచ్చేలా పెట్టుకోండి. ముంబై డేటా తెచ్చి కలిపాక, ఒక ఫైలు చేత్తో సృష్టిస్తేనే అది 200కు మారాలి. ఆ ఫైలును `/run` లో పెట్టుకుంటే రీబూటుకు దానంతటదే పోతుంది, తీసేయడం గుర్తుపెట్టుకునే పని ఉండదు.