టీవీ వెనుక లైటుతో కళ్ల నొప్పి తగ్గింది: నా అనుభవం

చీకట్లో సినిమా చూస్తే కళ్లు లాగేవి, రాత్రి సీన్లలో నలుపు బూడిదరంగులో కనిపించేది. బ్రైట్‌నెస్ తగ్గించినా, పిక్చర్ మోడ్ మార్చినా, పక్కన ల్యాంప్ పెట్టినా లాభం లేకపోయింది.

చివరికి డిమ్మర్ ఉన్న 6500 కెల్విన్ తెల్ల ఎల్ఈడీ స్ట్రిప్ తీసుకున్నాను. రంగులు మారేది వద్దు, తెర మీద ముఖాల రంగు తేడాగా కనిపిస్తుంది. టీవీ వెనుక దుమ్ము తుడిచి, అంచుకు రెండంగుళాలు లోపలగా చుట్టూ అంటించాను. తర్వాత తెరపై పూర్తి తెలుపు పెట్టి, గోడ వెలుగు అందులో పదో వంతు అనిపించేదాకా డిమ్మర్ తగ్గించాను. అసలు కిటుకు ఇదే. సినిమా మధ్యలో చూపు గోడ మీదికి పోతోందంటే వెలుగు ఇంకా ఎక్కువైనట్టే.

తెర నలుపు నిజంగా మారదు, చుట్టూ వెలుగుండడంతో కంటికి చిక్కగా అనిపిస్తుంది. నాది ఎల్‌సీడీ, వెనుక తెల్లగోడ. ఓఎల్ఈడీలో నలుపు ముందే గాఢం కాబట్టి ఇంత తేడా తెలియకపోవచ్చు. రంగు గోడైతే ఫలితం మారుతుంది.